శ్లాబు శ్లాబుకూ డబ్బులంటే ఎవరికి నష్టం? స్ట్రక్చరల్ కన్సల్టెంట్ కొటేషన్‌లో అడ్వాన్సు, వాయిదాల లెక్క

తిరుపతిలో లాడ్జి కట్టబోయే ఓనర్ దగ్గరికి స్ట్రక్చరల్ ఇంజనీర్ కొటేషన్ తీసుకెళ్తే, ఫీజు మీద బేరం ఎంతసేపు నడిచినా చివరికి మాట ఒకచోట ఆగుతుంది. "అడ్వాన్సులెందుకు సార్, శ్లాబు పడినప్పుడల్లా యాభై వేలు ఇచ్చేస్తాం. మేం యాడికి పోతాం, మీరు యాడికి పోతారు?" ఈ మాటలో మోసం లేదు. సెంట్రింగ్ వాళ్లకు, కమ్మి కట్టేవాళ్లకు ఆయన అట్లనే ఇస్తాడు. పని కంటికి కనబడ్డాక డబ్బు ఇవ్వడం ఆయనకు అలవాటు. ఇంజనీరుకూ ఆ క్షణంలో అది న్యాయంగానే అనిపిస్తుంది. తలూపి వచ్చేస్తాడు.

చిక్కు ఎక్కడుందంటే, డిజైన్ పని బిల్డింగ్ లేచినట్టు అంతస్తు అంతస్తుగా లేవదు. పునాది గుంత ఎంత వెడల్పు తవ్వాలో చెప్పాలంటే, ఆ పిల్లరు మీదికి పైనుంచి ఎంత బరువు దిగుతుందో ముందే తెలియాలి. అది తెలియాలంటే నాలుగో అంతస్తు శ్లాబు, దాని మీద వాటర్ ట్యాంకు, లిఫ్ట్ మెషీన్ రూము, గాలి, భూకంపం లెక్కలు అన్నీ కలిపి మొత్తం బిల్డింగును కంప్యూటర్లో కట్టి చూడాలి. అంటే సైటులో మొదటి పార దిగకముందే ఇంజనీరు ఆఫీసులో పని సగం దాటిపోతుంది. ఓనరు కంటికి మాత్రం అప్పటికి కనబడేది ఒక్క కాగితం, పునాది డ్రాయింగు. ఆయన డబ్బు ఇచ్చే వరసకూ మనం శ్రమ పెట్టే వరసకూ పొంతన లేకపోవడమే ఈ గొడవలన్నిటికీ మూలం. కొటేషన్‌లోని చెల్లింపు షరతులు సరిచేయాల్సింది దీన్నే.

అంకెల్లో చూస్తే తేటపడుతుంది. గ్రౌండ్ ప్లస్ నాలుగు అంతస్తుల లాడ్జి, మొత్తం 20,000 చదరపు అడుగులు అనుకుందాం. చదరపు అడుగుకు 15 రూపాయల లెక్కన ఫీజు రూ.3,00,000. ఇది లెక్క కోసం అనుకున్న రేటు మాత్రమే. ఈ పని చేయడానికి ఇంజనీరుకు అయ్యే సొంత ఖర్చు, అంటే డ్రాఫ్ట్స్‌మన్ జీతం, సాఫ్ట్‌వేర్, ఆఫీసు అద్దె, సైటుకు తిరుగుళ్లు, తన సమయానికి కట్టుకునే కనీస విలువ, అన్నీ కలిపి రూ.2,00,000 అనుకుందాం. మిగిలిన లక్ష అతని లాభం.

ఆ రెండు లక్షల ఖర్చు ఏ దశలో ఎంత పడుతుందో చూడండి. ఆర్కిటెక్ట్ ప్లాన్ తీసుకుని పిల్లర్లు ఎక్కడెక్కడ రావాలో కుదిర్చి, సుమారు సైజులు ఇవ్వడానికి 30,000. మొత్తం బిల్డింగు లెక్క కట్టి, సాయిల్ రిపోర్టు చూసుకుని పునాది డ్రాయింగులు గీయడానికి 80,000. పిల్లర్లు, మొదటి శ్లాబు డ్రాయింగులకు 40,000. పై అంతస్తులు, మెట్లు, లిఫ్ట్, ట్యాంకులకు 30,000. సైటుకు వెళ్లి కమ్మి చూసి రావడానికి 20,000.

ఇప్పుడు ఓనరు చెప్పిన పద్ధతి పెట్టి చూద్దాం. ప్లింత్‌కు ఒక యాభై, అయిదు శ్లాబులకు అయిదు యాభైలు, మొత్తం మూడు లక్షలు. లెక్క చక్కగా సరిపోయింది. కానీ ప్లింత్ కాంక్రీటు పడే నాటికి ఇంజనీరు చేతి నుంచి 1,10,000 పోయి ఉంటుంది, చేతికి రూపాయి వచ్చి ఉండదు. ప్లింత్ డబ్బు వచ్చాక లోటు అరవై వేలకు దిగుతుంది. మొదటి శ్లాబు డ్రాయింగులు ఇవ్వగానే మళ్లీ లక్షకు ఎక్కుతుంది. పెట్టిన ఖర్చు పూర్తిగా తిరిగి రావాలంటే మూడో శ్లాబు పడాలి. లాభమంతా చివరి రెండు శ్లాబుల్లో ఉంది.

తిరుపతిలో లాడ్జిలు కట్టే తీరు తెలిసినవాళ్లకు ఆ చివరి రెండు శ్లాబుల సంగతి చెప్పక్కర్లేదు. బ్యాంకు లోను ఆలస్యమైనా, చేతిలో డబ్బు అయిపోయినా, "రెండు ఫ్లోర్లు వేసి లాడ్జి తెరిచేద్దాం, మిగతావి నిదానంగా చూద్దాం" అనుకోవడం మామూలే. అది ఓనరు దృష్టిలో తెలివైన నిర్ణయం కూడా. అప్పటికి ఇంజనీరుకు వచ్చింది ప్లింత్, రెండు శ్లాబులు కలిపి 1,50,000. పెట్టింది డ్రాయింగులన్నిటికీ 1,80,000, సైటు తిరుగుళ్లకు ఓ పదివేలు. నలభై వేలు చేతినుంచి పడింది. పైగా ఓనరు దగ్గర అయిదు అంతస్తులకు సరిపడే పునాది, అయిదు అంతస్తుల డ్రాయింగులు భద్రంగా ఉన్నాయి. అయిదేళ్ల తర్వాత మిగతావి వేసినా మన ఇంటి తలుపు తట్టాల్సిన అవసరం ఆయనకు ఉండదు.

కాబట్టి కొటేషన్ రాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఎంత శాతం అడ్వాన్సు అడిగితే బాగుంటుంది" కాదు. ఏ రోజున పని ఆగిపోయినా, అప్పటిదాకా నేను పెట్టిన ఖర్చులో రాకుండా ఉన్నది ఎంత? దశ దశకూ ఈ లోటును కట్టి చూసుకుంటే అడ్వాన్సు ఎంత ఉండాలో అదే తేలుతుంది.

మన లెక్కలో మొదట తోచేది ముప్ఫై శాతం అడ్వాన్సు, 90,000. తర్వాత పునాది డ్రాయింగుల దగ్గర ఇంకో 90,000. ఇంజనీరు వైపు నుంచి ఇది సురక్షితం. పునాది దశ ముగిసేనాటికి పెట్టింది 1,10,000, వచ్చింది 90,000, లోటు ఇరవై వేలే. కానీ ఓనరు కుర్చీలో కూర్చుని చూడండి. ఒక్క గీత కూడా చూడకముందే తొంభై వేలు ఇచ్చేయాలి. రేపు ఈ ఇంజనీరు ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి? ఆ భయం అన్యాయమైందేం కాదు. అడ్వాన్సు తీసుకుని నెలల తరబడి తిప్పించుకునేవాళ్లు మన వృత్తిలోనూ ఉన్నారు.

ఇక్కడ పెద్ద అడ్వాన్సు కోసం పట్టుబట్టడం కన్నా దాన్ని రెండుగా విరగ్గొట్టడం మేలు. వర్క్ ఆర్డరుతో ఇరవై శాతం, అంటే 60,000. పిల్లర్ల లేఅవుట్, సుమారు సైజులు చేతికిచ్చిన రోజున పదిహేను శాతం, 45,000. ఆ తర్వాత పునాది డ్రాయింగులకు ఇరవై అయిదు శాతం, 75,000. పిల్లర్లు, మొదటి శ్లాబు డ్రాయింగులకు ఇరవై, 60,000. పై అంతస్తులకు పదిహేను, 45,000. చివరికి మిగిలే అయిదు శాతం, 15,000, సైటు విజిట్లు ముగిసినప్పుడు.

దీన్ని అదే కొలతతో కొలిస్తే, పునాది డ్రాయింగులు పూర్తయ్యేనాటికి ఇంజనీరు పెట్టింది 1,10,000, వచ్చింది 1,05,000. లోటు అయిదు వేలు. ముప్ఫై శాతం ఒకేసారి అడిగినప్పటి కన్నా ఇంకా తక్కువ. ఓనరుకు కూడా మొదటి రోజు గుండెల మీద ఉండే బరువు తొంభై నుంచి అరవైకి తగ్గింది, ఆ అరవైకి బదులుగా ఓ కాగితం చూశాకే తర్వాతి డబ్బు. అడ్వాన్సు మీద బేరం బిగుసుకున్నప్పుడు ఫీజు తగ్గించుకోవడానికి ఒప్పుకునే ఇంజనీర్లను చూస్తుంటాను. నా ఉద్దేశంలో అది తప్పు చోట వంగడం. ముందు అడ్వాన్సును విరగ్గొట్టండి, ఫీజు జోలికి తర్వాత పోవచ్చు.

శాతాలు కుదిరాక రెండో సంగతి, ప్రతి వాయిదాను దేనికి ముడిపెడుతున్నాం అన్నది. నా అనుభవంలో శాతాల కన్నా ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. "తుడా అప్రూవల్ వచ్చాక ఇరవై శాతం" అని రాసిన కొటేషన్లు తరచూ కనబడతాయి. తుడా అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, దాని అప్రూవల్ మన చేతిలో లేదు. సెట్‌బ్యాక్ దగ్గరో, రోడ్డు వెడల్పు దగ్గరో, ఓనరు స్థలం కాగితాల దగ్గరో అది ఆగవచ్చు. వాటిలో ఒక్కదానికీ స్ట్రక్చరల్ డిజైన్‌తో సంబంధం ఉండదు, కానీ మన డబ్బు మాత్రం అక్కడ ఇరుక్కుంటుంది. "శ్లాబు కాంక్రీటు పూర్తయ్యాక" అన్నదీ ఇంతే. మేస్త్రీ ఊరికెళ్తే, సిమెంటు రేటు పెరిగితే, వాన పడితే, మన డబ్బు ఆగుతుంది.

వాయిదాను ఎప్పుడూ మనం అందించే వస్తువుకు కట్టాలి, ఎదుటివారో గవర్నమెంటో చేయాల్సిన పనికి కాదు. కొటేషన్‌లో ఆ వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: "పునాది డ్రాయింగులు (ఫుటింగ్ ప్లాన్, ఫుటింగ్ కమ్మి వివరాలు, పిల్లర్ల స్టార్టర్ వివరాలు) పరిశీలన కాపీగా ఈమెయిల్‌లో పంపిన రోజున 25 శాతం చెల్లించవలసి ఉంటుంది. ఏడు రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే ఆ దశ అంగీకరించినట్టే." బ్రాకెట్లో ఏ షీట్లు వస్తాయో పేర్లతో రాయడం ముఖ్యం. "పునాది డ్రాయింగులు" అని మాత్రమే రాస్తే, సంపు డ్రాయింగు కూడా అందులోదే అని ఒకరు, కాదని ఒకరు. ఆ ఏడు రోజుల మాట లేకపోతే ఓనరు "మా బావమరిది చూసి చెప్తానన్నాడు" అని రెండు నెలలు గడపవచ్చు, ఆ బావమరిది దుబాయ్‌లో ఉండవచ్చు.

పరిశీలన కాపీ అన్న మాటను కాస్త విప్పి చెప్పాలి, ఎందుకంటే మొత్తం ఏర్పాటు దాని మీదే నిలబడి ఉంది. సైటులో జరిగేది ఇది. ఓనరు ఫోన్ చేసి, "సార్, జేసీబీ వచ్చి నిలబడింది, గంటకు లెక్క. ఆ ఫుటింగ్ డ్రాయింగ్ ఒక్కటి వాట్సాప్‌లో పెట్టండి, సాయంత్రం డబ్బు వేస్తాను" అంటాడు. మనం పీడీఎఫ్ పెడతాం. అది నిమిషంలో మేస్త్రీ ఫోన్‌లోకి పోతుంది. మేస్త్రీ దాన్ని వేళ్లతో పెద్దది చేసుకుని, పన్నెండు ఎంఎం కమ్మి ఆరంగుళాల దూరం అని చదువుకుని, కమ్మి కట్టేవాళ్లకు అరిచి చెప్పేస్తాడు. ఆ నిమిషం తర్వాత ఆ డబ్బు అడగడానికి మన దగ్గర మాట తప్ప ఇంకేమీ లేదు.

అందుకే ప్రతి దశకూ రెండు కాపీలు. పరిశీలన కాపీలో పిల్లర్లు ఎక్కడ, ఫుటింగులు ఎంతెంత, లోతు ఎంత అన్నవి కనబడతాయి. కమ్మి పట్టిక ఉండదు, లేదా మొత్తం షీటు మీద "నాట్ ఫర్ కన్‌స్ట్రక్షన్" అని అడ్డంగా ముద్ర ఉంటుంది. ఓనరు, ఆర్కిటెక్ట్ చూసి మాట్లాడుకోవడానికి ఇది చాలు, కట్టడానికి చాలదు. డబ్బు అందాక సంతకం, తేదీ, "గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్" ముద్రతో రెండో కాపీ వెళ్తుంది. ముద్ర ఉన్న ప్రింటు మీద మాత్రమే కట్టాలని, వాట్సాప్‌లో వచ్చిన వాటికి ఇంజనీరు బాధ్యత ఉండదని కొటేషన్‌లో ఒక వాక్యం ఉండాలి. ఇది డబ్బు కోసమే కాదు. పాత రివిజన్ పీడీఎఫ్ చూసి గుంత తవ్వేసిన సైట్లు కోకొల్లలు.

పని ఎప్పుడు మొదలైనట్టు లెక్క అన్నదీ రాసుకోవాలి. మన ఊళ్లో దీనికి ముహూర్తం అడ్డొస్తుంది. శంకుస్థాపనకు మంచి రోజు దగ్గర్లో ఒక్కటే ఉంది, అది దాటితే ఆషాఢం, కాబట్టి డ్రాయింగు ఈలోపే కావాలంటారు. అడ్వాన్సు మాట, సాయిల్ టెస్ట్ మాట ఆ హడావిడిలో కొట్టుకుపోతాయి. కొండ పక్క స్థలంలో కాస్త తవ్వగానే రాయి తగలవచ్చు, స్వర్ణముఖి వైపు వస్తే ఇసుక దిగుతూనే ఉండవచ్చు. రిపోర్టు లేకుండా ఊహించి ఇచ్చే ఫుటింగుకు పూచీ ఎవరిది? పూజకు ఈశాన్యంలో ఒక చిన్న గుంత చాలు, దానికి ఫుటింగ్ డ్రాయింగు అక్కర్లేదని ఓనరుకు నెమ్మదిగా చెప్తే చాలాసార్లు ఒప్పుకుంటారు. కొటేషన్‌లో మాత్రం ఇలా రాయండి: "అడ్వాన్సు, సంతకం చేసిన కొటేషన్ కాపీ, ఆర్కిటెక్ట్ తుది ప్లాన్, ఓనరు ఖర్చుతో చేయించిన సాయిల్ రిపోర్టు, ఈ నాలుగింటిలో చివరిది అందిన రోజు నుంచి మా గడువు లెక్కించబడుతుంది." అడ్వాన్సు ఇచ్చి ప్లాన్ ఇవ్వకుండా నెల గడిపి, "మీరు నెల రోజులుగా ఏం చేయలేదు" అనే వాదనకు ఈ వాక్యం జవాబు.

మార్పుల సంగతి దీనికి అంటుకునే వస్తుంది. పిల్లర్ల లేఅవుట్‌కు ఓనరు సంతకం పెట్టిన వారానికి వాస్తు చూసే ఆయన వస్తాడు. మెట్లు ఈ మూలన కాదు ఆ మూలన ఉండాలంటాడు, సంపు ఇటు జరపాలంటాడు. లేదా ఓనరే, "ఇంకో ఫ్లోర్ పైన వేసుకుందాం సార్, పునాది కొంచెం గట్టిగా ఇచ్చేయండి" అంటాడు. కొంచెం అంటే మళ్లీ మొత్తం బిల్డింగు లెక్క, అంటే మన ఖర్చులో అన్నిటికన్నా పెద్దదైన ఆ ఎనభై వేల పనిలో చాలా భాగం తిరిగి చేయడం. లేఅవుట్ దశను విడిగా పెట్టి, దానికి విడిగా డబ్బు తీసుకుని, సంతకం పెట్టించుకోవడంలో ఉన్న రెండో ప్రయోజనం ఇదే. ఆ సంతకానికి ముందు ఎన్ని మార్పులైనా ఫీజులోనే. ఆ తర్వాత పిల్లరు కదిలినా, అంతస్తు పెరిగినా అదనపు ఫీజు, ఎంతన్నది రోజు లెక్కనో చదరపు అడుగు లెక్కనో అక్కడే రాసి ఉండాలి. వాస్తు ఆయన్ను లేఅవుట్ దశలోనే పిలిపించమని ఓనరుకు చెప్పడం ఇద్దరికీ డబ్బు మిగిల్చే సలహా.

ఇక అడ్వాన్సు మీద పన్ను. వస్తువుల అమ్మకంలో అడ్వాన్సు అందినప్పుడు జీఎస్టీ కట్టక్కర్లేదు, సరుకు ఇన్‌వాయిస్ చేసినప్పుడే. సేవల్లో అట్లా కాదు. అడ్వాన్సు అందిన రోజే పన్ను బాధ్యత వచ్చేస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఇంజనీరు 60,000 అడ్వాన్సు అడుగుతున్నాడంటే 18 శాతం కలిపి 70,800 అడగాలి. ఓనరు సంస్థ భాగస్వామ్య ఫర్మో కంపెనీయో అయితే ప్రొఫెషనల్ ఫీజు మీద పది శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. ఏడాదిలో ఆ ఇంజనీరుకు ఇచ్చేది 50,000 దాటినప్పుడు ఇది వర్తిస్తుంది, అడ్వాన్సుకు కూడా. జీఎస్టీని విడిగా చూపించి ఉంటే టీడీఎస్ అసలు మీదే, అంటే 6,000. బ్యాంకులో పడేది 64,800. అందులో 10,800 ప్రభుత్వానిది, నెలవారీ రిటర్న్ వేసేవారు తర్వాతి నెల 20వ తేదీలోపు కట్టేయాలి. చేతిలో నిజంగా వాడుకోవడానికి మిగిలేది 54,000. టీడీఎస్ ఆరు వేలు రిటర్నులో తిరిగి లెక్కకు వస్తుంది గానీ ఈ నెల జీతాలకు పనికిరాదు. పైన కట్టిన లోటు లెక్కను అసలు అంకెలతో కాకుండా ఈ మిగిలే అంకెలతో మరోసారి కట్టి చూసుకోవడం మంచిది.

అడ్వాన్సు అడగడానికి ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పంపండి. డబ్బు అందాక రిసీట్ వోచర్ ఇవ్వండి. ఆ దశ పని అందించినప్పుడు టాక్స్ ఇన్‌వాయిస్‌లో అడ్వాన్సును సర్దండి. ముందే టాక్స్ ఇన్‌వాయిస్ పంపేస్తే డబ్బు రాకముందే పన్ను మెడకు చుట్టుకుంటుంది. కొటేషన్‌లో ఫీజు పక్కనే "జీఎస్టీ అదనం" అని రాయడం మరవకూడదు, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కాదు. సొంతంగా కట్టుకునే బిల్డింగు పనికి కట్టిన జీఎస్టీ మీద ఓనరుకు సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. మన మూడు లక్షలు ఆయన జేబుకు 3,54,000. అది ఆయనకు మొదటి రోజే తెలియాలి. సేవల టర్నోవరు ఏడాదికి ఇరవై లక్షల లోపు ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోని ఇంజనీరు మాత్రం జీఎస్టీ వసూలు చేయకూడదు.

పని మధ్యలో ఆగితే అడ్వాన్సు ఎవరిది? చాలా కొటేషన్లలో "అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు" అని ఒక ముక్క ఉంటుంది, అంతే. అది వినడానికి గట్టిగా ఉంటుంది గానీ తగాదా వస్తే అంత గట్టిది కాదు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినందుకు ఇంత అని ముందే రాసుకున్నా దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. చేయని పనికి పట్టుకున్న డబ్బును శిక్షగా చూసే అవకాశం ఉంది. దానికన్నా అడ్వాన్సు ఏ పనికో చెప్పడం నయం: "ఈ అడ్వాన్సు సైటు పరిశీలనకు, పిల్లర్ల లేఅవుట్ తయారీకి. పని మొదలుకాకముందు రద్దు చేస్తే సైటు విజిట్ ఖర్చు రూ.5,000 మినహాయించి మిగతాది 15 రోజుల్లో తిరిగి ఇస్తాం. లేఅవుట్ అందించాక తిరిగి చెల్లింపు ఉండదు. ఏ దశ మధ్యలో ఆపినా ఆ దశలో జరిగిన పని మేరకు బిల్లు ఉంటుంది." ఇన్‌వాయిస్ ఇవ్వకముందే రద్దయి డబ్బు వెనక్కి ఇస్తే రిఫండ్ వోచర్ ఇచ్చి, కట్టిన జీఎస్టీని సర్దుకోవాలి.

రద్దు కన్నా తరచుగా జరిగేది నానబెట్టడం. రద్దు చేశామని ఓనరు అనడు, కొనసాగిద్దామనీ అనడు. అందుకే అరవై రోజులు ఓనరు వైపు నుంచి కదలిక లేకపోతే అప్పటిదాకా అయిన పనికి బిల్లు వేస్తామని, తిరిగి మొదలుపెట్టేటప్పుడు కొంత మొత్తం అదనంగా ఉంటుందని రాసుకోవాలి. ఫైలు మూసి మళ్లీ తెరవడం ఊరికే కాదు. ఈలోగా కోడ్ మారవచ్చు, ఆ డిజైన్ చేసిన కుర్రాడు బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోయి ఉండవచ్చు.

డబ్బు రాకపోతే పని ఆపే హక్కు రాసుకోవడంలో ఒక జాగ్రత్త ఉంది. ఏడు రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చి, తర్వాతి దశ డ్రాయింగులు ఆపవచ్చు. కానీ సైటులో ప్రమాదం కళ్లబడితే, ఉదాహరణకు పిల్లరులో కమ్మి తక్కువ కట్టి కాంక్రీటు వేయబోతుంటే, బాకీ ఉన్నా లేకున్నా ఆ మాట వెంటనే రాతలో చెప్పాల్సిందే. ఇచ్చిన డ్రాయింగులో తప్పు దొరికితే సవరణ కూడా ఆపకూడదు. ఆపగలిగేది ఇంకా ఇవ్వని పనిని మాత్రమే.

బాకీ వసూలుకు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉపయోగపడుతుంది. ఒప్పందానికి ముందే తీసుకుని ఆ నంబరు కొటేషన్ మీద వేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు అంగీకరించిన పనికి 45 రోజుల్లోపు చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఈ రోజులు లెక్కపెట్టడం మొదలయ్యేది పని అంగీకరించిన తేదీ నుంచి కాబట్టి, పైన చెప్పిన "ఏడు రోజుల్లో అభ్యంతరం రాకపోతే అంగీకరించినట్టే" అన్న వాక్యం, పంపిన ఈమెయిల్ తేదీ ఇక్కడ సాక్ష్యంగా నిలబడతాయి. వాట్సాప్ నీలి టిక్కుల కన్నా ఆ ఈమెయిల్ నయం.

చివరి అయిదు శాతాన్ని కావాలనే చిన్నగా ఉంచాను. ఆఖరి వాయిదా ఏ వృత్తిలోనైనా సులభంగా రాదు, లాడ్జి తెరిచాక ఓనరుకు ఇంజనీరుతో పనుండదు. దానికి గడువు తేదీ కూడా పెట్టండి: "చివరి శ్లాబు విజిట్ రోజున, లేదా వర్క్ ఆర్డర్ తేదీ నుంచి పన్నెండు నెలలకు, ఏది ముందైతే అది." ఫీజులో వచ్చే సైటు విజిట్లు ఎన్నో అంకె వేయండి, పునాదికి ఒకటి, ప్లింత్‌కు ఒకటి, శ్లాబుకు ఒకటి చొప్పున మొత్తం ఏడు. ఎనిమిదో దానికి రేటు రాయండి. మేస్త్రీ తెల్లారి ఆరింటికి ఫోన్ చేసి "సార్, కాంక్రీటు లారీ వచ్చేసింది, ఒకసారి రండి" అన్నప్పుడు అది ఎన్నో విజిట్ అన్నది ఇద్దరి దగ్గరా రాసి ఉంటే మాటా మాటా పెరగదు. ప్రతి విజిట్‌లో చూసింది ఒక పేజీలో రాసి, అక్కడే సూపర్‌వైజరు చేత సంతకం పెట్టించుకుని, ఫోటో తీసి ఓనరుకు ఈమెయిల్ చేస్తే ఆ పదిహేను వేలకు బిల్లు వేసేటప్పుడు జతచేయడానికి కాగితాలు సిద్ధంగా ఉంటాయి.